చూపుడు వేలు చెప్పే సంగతి

రెండేళ్లు నిండినా బిడ్డ నోట మాట రాకపోతే మన ఇళ్లలో ముందు వినపడేది ఓదార్పే. "మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే" అంటారు. "వీడి నాన్నకి మూడేళ్లు దాటితే గానీ రాలేదు, ఇప్పుడు మాట్లాడకుండా ఆపడమే కష్టం" అని నానమ్మ నవ్వుతుంది. ఒకరు వస కొమ్ము అరగదీసి నాకించమంటారు. మరొకరు నాలుక కింద తీగ ఉందేమో చూపించమంటారు. ఇంతలో ఎవరో ఫోన్లో ఏదో వీడియో చూసి, "ఆటిజమేమో" అని గొంతు తగ్గించి అంటారు. ఆ రాత్రి ఆ తల్లికి నిద్ర ఉండదు.

ఓదార్చేవాళ్లూ భయపెట్టేవాళ్లూ అడిగేది ఒకటే: మాట వచ్చిందా, రాలేదా? ఆ ప్రశ్నతో పెద్దగా తెలిసేది లేదు. ఆటిజం ఉన్న బిడ్డకు మాట ఆలస్యం కావచ్చు. ఒట్టి భాష ఆలస్యమైన బిడ్డకూ అంతే. ఇంట్లో గలగలమంటూ బయట నోరు విప్పని బిడ్డ కూడా చూసేవాళ్లకు మాట రాని బిడ్డలాగే కనిపిస్తుంది. ఈ ముగ్గురికీ కావలసిన సాయం మాత్రం వేరు వేరు. వాళ్లను విడదీసి చూపే గుర్తులు ఎక్కువగా మాటకు ముందు పుట్టేవాటిలో ఉంటాయి: చూపులో, ముఖంలో, అన్నిటికన్నా ముఖ్యంగా చూపుడు వేలులో.

అన్నం తినిపిస్తూ చందమామను చూపించని తల్లి మన దగ్గర అరుదు. ఆ ఒక్క క్షణంలో ఎంత జరుగుతుందో గమనించండి. తల్లి వేలు పైకెత్తుతుంది. బిడ్డ ఆ వేలిని కాకుండా, వేలు చూపిన దిక్కును చూస్తాడు. చందమామ కనపడగానే మళ్లీ తల్లి ముఖంలోకి చూస్తాడు, "చూశావా, నేనూ చూశాను" అన్నట్టు. కొన్నాళ్లకు ఆట తిరగబడుతుంది. బిడ్డే వేలెత్తి, "ఆ! ఆ!" అంటూ కాకినో విమానాన్నో చూపించి, అమ్మ చూసిందా లేదా అని వెనక్కి తిరిగి చూస్తాడు. అతనికి ఆ కాకి అక్కర్లేదు. తను చూసింది అమ్మ కూడా చూడాలి, అంతే. నిపుణులు దీన్ని జాయింట్ అటెన్షన్ అంటారు. ఇద్దరూ ఒకే వస్తువు మీద మనసు పెట్టడం, పెట్టామని ఒకరికొకరు తెలుసుకోవడం. మామూలుగా ఏడాది అటూ ఇటూ మొదలై, ఏడాదిన్నరకల్లా బాగా స్థిరపడుతుంది. మాటలు నేర్చుకోవడానికి పునాది ఇదే. అమ్మ "కాకి" అన్నప్పుడు ఆ మాట దేనిదో బిడ్డకు తెలియాలంటే అమ్మ దేన్ని చూస్తోందో ముందు తెలియాలి కదా.

వేలితో చూపడంలో రెండు రకాలున్నాయి. అలమరలో బిస్కెట్ డబ్బా చూపిస్తే అది అడగడం. ఆకాశంలో విమానం చూపిస్తే అది పంచుకోవడం. ఆటిజం ఉన్న చిన్నపిల్లల్లో మొదటిది కొంత ఆలస్యంగానైనా రావచ్చు, రెండోదే ఎక్కువగా వెనకబడుతుంది. కొందరైతే అడగడానికి కూడా వేలు వాడరు. అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, ఆమె చేతిని డబ్బా మీద పెడతారు. చెయ్యి పట్టుకుంటారు గానీ ముఖంలోకి చూడరు. "వాడికి కావలసింది ఏదో ఒకలా చెప్తాడండీ" అని తల్లిదండ్రులు అనేటప్పుడు, ఎలా చెప్తున్నాడో ఒకసారి ఆగి చూడాలి.

ఈ సంగతిని ముందుగా గట్టిగా నిలబెట్టిన పరిశోధనల్లో ఒకటి మన ఇళ్లకు చాలా దగ్గరగా ఉంటుంది. 1994లో అమెరికాలో జూలీ ఆస్టర్లింగ్, జెరాల్డిన్ డాసన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లల మొదటి పుట్టినరోజు వీడియోలు సేకరించారు. 11 వీడియోలు తర్వాతి కాలంలో ఆటిజం అని తేలిన పిల్లలవి, 11 మామూలుగా ఎదిగిన పిల్లలవి. ఎవరు ఎవరో తెలియనివాళ్ల చేత వాటిని చూపించి, బిడ్డ చేసే పనులు లెక్కపెట్టించారు. నాలుగు పనులు రెండు గుంపుల్నీ విడదీశాయి: వేలితో చూపడం, వస్తువు తెచ్చి ఎదుటివాళ్లకు చూపించడం, మనుషుల ముఖాల్లోకి చూడడం, పేరు పిలిస్తే తిరగడం. వాటితోనే 22 మందిలో 20 మందిని సరైన గుంపులో పెట్టగలిగారు. చిన్న పరిశోధనే, కానీ దాని తర్వాత వచ్చినవి చాలా వరకు అదే దారిన నడిచాయి. అప్పటికి ఆ పిల్లలకు ఏడాదే. మాటల లెక్క ఇంకా మొదలుకాని వయసు.

మొదటి పుట్టినరోజుకు ఊరంతటినీ పిలిచి వీడియో తీయించే అలవాటు మనకుంది. అనుమానం ఉన్నవాళ్లు ఆ వీడియో మళ్లీ పెట్టి చూడొచ్చు. కేకు దగ్గర పదిమంది పిలుస్తున్నప్పుడు బిడ్డ ఎటు చూస్తున్నాడు? బెలూన్ చేతికిస్తే దాన్ని అమ్మవైపు ఎత్తి చూపాడా, దాని దారాన్నే వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోయాడా? ఆ గోలలో ఏ బిడ్డయినా బెదిరిపోవచ్చు కాబట్టి ఒక్క వీడియోతో తేల్చుకోకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం అలాంటి పాత వీడియోలు రెండు మూడు ఫోన్లో ఉంటే ఎంతో ఉపయోగం. కొత్త గదిలో, తెల్లకోటు ముందు, పావుగంటలో బిడ్డ చూపనిది ఇంట్లో తీసిన వీడియో చూపిస్తుంది.

ఒక బాబును తీసుకుందాం. ఇది ఒక్క ఇంటి కథ కాదు, చాలా ఇళ్లలో జరిగేదాన్ని కలిపి చెప్తున్నాను. వయసు రెండేళ్ల నాలుగు నెలలు. నడక సమయానికే వచ్చింది. పదిహేనో నెలలో "అమ్మ", "తాత", "బువ్వ" అనేవాడు, ఏడాదిన్నర దాటాక అవి ఆగిపోయాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో చెప్పుకోదగ్గ భాగం ఇలా వచ్చిన మాటల్ని పోగొట్టుకుంటారు. ఒకసారి వచ్చిన మాట పోతే మాత్రం ఏ వయసులోనైనా వెంటనే డాక్టరుకు చూపించాలి. అందులో ఓదార్పుకు చోటు లేదు.

ఈ బాబు ఇంగ్లీషు అక్షరాలన్నీ చెప్తాడు, యూట్యూబ్ రైమ్స్ రాగంతో సహా పాడతాడు. చుట్టాలు మెచ్చుకుంటారు. దాహం వేస్తే మాత్రం "నీళ్లు" అనడు, ఫ్రిజ్ దగ్గర నిలబడి ఏడుస్తాడు. ఒక్కోసారి "నీళ్లు తాగుతావా?" అంటాడు. అంటే అతనికి దాహం వేసిందన్నమాట. అమ్మ అడిగిన ప్రశ్నను అడిగినట్టే తిరిగి అప్పజెప్తున్నాడు. మాట వచ్చింది గానీ, నువ్వు-నేను మధ్య అది అటూ ఇటూ మారాలన్న సంగతి పట్టుబడలేదు. మాటలు నేర్చే పిల్లలందరూ కొన్నాళ్లు విన్నదాన్ని వల్లిస్తారు, అయితే మూడేళ్లకల్లా అది తగ్గిపోతుంది. దాన్నే పట్టుకుని ఉండడం, మాట్లాడేదంతా అదే కావడం గమనించాల్సిన విషయం. వల్లించడాన్ని తప్పుగా చూసి ఆపించకూడదు. ఆ బిడ్డ భాషలోకి వచ్చే దారి అదే కావచ్చు.

బొమ్మకారు ఇస్తే తిరగేసి చక్రాలు తిప్పుతూ కూర్చుంటాడు. చెప్పులన్నీ వరసగా పేరుస్తాడు, ఒకటి కదిపితే ఏడుపు అందుకుంటాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు. పేరు పెట్టి ఐదుసార్లు పిలిచినా తిరగడు, పక్కగదిలో తనకిష్టమైన అడ్వర్టైజ్‌మెంటు పాట వినపడితే మాత్రం పరుగెత్తుతాడు. "చెవుడు కాదు కదా, మరి మొండితనమే" అని ఇంట్లోవాళ్లు తేల్చేశారు. అమ్మ మీద పడుకోవడం అతనికి ఇష్టం, గిలిగింతలు పెడితే పకపకా నవ్వుతాడు. అందుకే ఆటిజం అనగానే తండ్రి నమ్మలేదు. "ఆటిజం పిల్లలు ఎవరినీ దగ్గరికి రానివ్వరు, కళ్లలోకి చూడరు అంటారు కదా, మావాడు చూస్తాడే?" అన్నాడు. చాలా ఇళ్లలో ఏడాది, రెండేళ్లు వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లే. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎందరో ప్రేమగా హత్తుకుంటారు, నచ్చిన ఆటలో కళ్లలోకి చూస్తారు. తాను చూసిన వింతను పంచుకోవడానికి ఎదుటివాళ్ల ముఖం వెతుక్కుంటున్నాడా అన్నది మనం చూడాల్సింది.

పిల్లల డాక్టరు ముందుగా వినికిడి పరీక్షకు పంపారు. ఇది తప్పించకూడని మెట్టు. చప్పుళ్లకు తిరిగినంత మాత్రాన వినికిడి పూర్తిగా ఉన్నట్టు కాదు. మాటిమాటికీ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరి, పెద్ద చప్పుళ్లు వినపడుతూనే మాటలోని సన్నని ధ్వనులు మసకబారొచ్చు. బిడ్డను నిద్రపుచ్చి తలకు తీగలు అంటించి చేసే బెరా పరీక్ష, చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే పరీక్షలు నొప్పి లేనివి. ఈ బాబు వినికిడి బాగానే ఉందని తేలింది.

తర్వాత తల్లికి ఎం-చాట్ అనే ప్రశ్నపత్రం ఇచ్చారు. 16 నుంచి 30 నెలల మధ్య పిల్లల కోసం తయారైంది, 20 ప్రశ్నలు, అవును-కాదు అని జవాబు చెప్తే చాలు. మీరు గదిలో దూరంగా ఉన్నదాన్ని చూపిస్తే చూస్తాడా? అడగడానికి వేలు చూపిస్తాడా? వింతను చూపించడానికి వేలు చూపిస్తాడా? వస్తువులు తెచ్చి మీకు చూపిస్తాడా? మీరు చేసింది చూసి చేస్తాడా? కొత్తది ఏదైనా జరిగితే మీ ముఖం ఎలా ఉందో చూస్తాడా? అందులో చాలా భాగం జాయింట్ అటెన్షన్ గురించే. తేడాగా ఉన్న జవాబులు రెండు లోపు ఉంటే ప్రమాదం తక్కువ. మూడు నుంచి ఏడు వస్తే ఆ ప్రశ్నల్నే ఉదాహరణలతో మళ్లీ విడమరిచి అడుగుతారు. ఎనిమిది, ఆపైన అయితే నేరుగా పూర్తి పరీక్షకు పంపుతారు. ఈ బాబుకు పదకొండు వచ్చాయి.

అంత వచ్చినా అది ఆటిజం ఉందన్న తీర్పు కాదు, జల్లెడ పట్టడం మాత్రమే. అమెరికాలో ఈ ప్రశ్నపత్రాన్ని పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు, రెండో విడత ప్రశ్నల తర్వాత కూడా అనుమానం నిలిచిన పిల్లల్లో దాదాపు సగం మందికి ఆటిజం ఉందని తేలింది. మిగతావారిలో ఎక్కువమందికి ఏదో ఒక ఎదుగుదల ఆలస్యం ఉంది. అనుమానం రాదగినవాళ్లకే వచ్చిందన్నమాట, పేరు మాత్రం వేరైంది. తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన ఆటిజం లేనట్టు కూడా కాదు. తల్లి మనసులో అనుమానం తీరకపోతే మళ్లీ చూపించాల్సిందే.

ఇప్పుడు అదే వయసున్న ఇంకో బిడ్డను చూడండి. ఈ పాప నోట పది మాటలు కూడా లేవు. రెండేళ్లకు యాభై మాటలైనా లేకపోయినా, "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జతలు మొదలుకాకపోయినా మాట ఆలస్యమైనట్టు లెక్క. కానీ ఈ పాప ముందు కూర్చుంటే మాట లేదన్న సంగతే కాసేపటికి మరచిపోతారు. కుక్క కనపడితే వేలు చూపించి, నాలుక బయటపెట్టి ఒగరుస్తూ నటిస్తుంది. తాతయ్య ఊరెళ్లాడని చెప్పడానికి చెయ్యి ఊపి, తలుపు చూపిస్తుంది. మీకు అర్థం కాకపోతే ఆగదు, ఇంకో సైగ వెతుక్కుంటుంది, చివరికి చెయ్యి పట్టుకుని మీ కళ్లలోకి చూస్తూ తీసుకెళ్తుంది. బొమ్మకు ఉత్తుత్తి అన్నం తినిపించి మూతి తుడుస్తుంది. "నీ చెప్పులు తీసుకురా" అంటే తెస్తుంది.

ఈ చివరిదాన్ని పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. మనం మాట చెప్తూనే చేత్తో చూపిస్తాం, చూపు అటు తిప్పుతాం, బయటికి వెళ్లే వేళ చూసి అడుగుతాం. బిడ్డ మాట అర్థం చేసుకున్నాడో, సందర్భాన్ని పసిగట్టాడో తెలియదు. చేతులు కట్టుకుని, బిడ్డనే చూస్తూ, వేళ కాని వేళ "దువ్వెన తీసుకురా" అని చెప్పి చూడండి. అర్థం చేసుకుంటూ, సైగలు పుష్కలంగా చేస్తూ, మాట మాత్రమే రాని పిల్లల్లో చాలామంది మూడు, నాలుగేళ్లకల్లా తోటివాళ్లను అందుకుంటారు. అర్థం చేసుకోవడమే వెనకబడితే, సైగలు తక్కువైతే, ఇంట్లో వేరెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే, తనంతట తాను అందుకుంటుందని కూర్చోవడం మంచిది కాదు. ఆటిజం ఏమీ లేకుండా, భాష నేర్చుకోవడమొక్కటే జీవితకాలం కష్టంగా ఉండే పిల్లలూ ఉన్నారు. దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు. వందమందిలో ఏడుగురికి ఇది ఉంటుందని అంచనా, అంటే ఆటిజం కన్నా ఎక్కువ. దీని పేరైనా వినని టీచర్లు ఎందరో ఉన్నారు. ఆ పిల్లల్ని "చదువు రాదు" అన్న ఒక్క మాటతో వెనక బెంచీకి పంపేస్తారు.

ఇక సిగ్గు, భయం సంగతి. రెండేళ్ల బిడ్డ కొత్తవాళ్లను చూసి అమ్మ కొంగు వెనక దాక్కుంటే అది సోషల్ యాంగ్జయిటీ కాదు. నలుగురిలో తప్పు చేస్తానేమో, నవ్వుతారేమో అని కుంగిపోయే ఆ ఇబ్బంది ఎక్కువగా కౌమారం దగ్గరపడ్డాక బయటపడుతుంది. చిన్నపిల్లల్లో ఉండేది పుట్టుకతో వచ్చిన బెరుకు. దాన్ని ఆటిజం నుంచి విడదీయడానికి అరగంట ఓపిక చాలు. బెరుకు బిడ్డ కొంగు వెనక నుంచి తొంగిచూస్తుంది. మీరు చూస్తే దాక్కుంటుంది, చూడకపోతే మళ్లీ తొంగిచూస్తుంది. ఆమె ధ్యాసంతా మీ మీదే ఉంది, రావాలనీ ఉంది, భయమూ ఉంది. అరగంటకు దగ్గరికొచ్చి తన గాజులు చూపిస్తుంది. ఆటిజం ఉన్న బిడ్డ భయపడకపోవచ్చు, కొత్తవాళ్ల ఒళ్లో నేరుగా ఎక్కి కూర్చోవచ్చు కూడా. కానీ కూర్చుని అతను చూసేది వాళ్ల వాచీని. అరగంట గడిచినా ఆ మనిషితో ఆట మొదలుకాదు.

నాలుగైదేళ్లకు వచ్చే చిక్కు వేరు. బడిలో చేరి ఆరు నెలలైనా పాప ఒక్క మాట మాట్లాడదు. అటెండెన్సుకు చెయ్యి ఎత్తుతుంది, అంతే. బాత్రూంకి అడగలేక లంగా తడుపుకుంటుంది. టీచరు ఇంటికి కబురు పెట్టి, "మీ పాపకి మాటలు రావా?" అంటే తల్లి తెల్లబోతుంది. ఇంట్లో ఆ పాప నోటికి తాళం వేయలేరు, బడిలో ఎవరు ఎవరిని కొట్టారో, టీచరు ఏ చీర కట్టుకొచ్చిందో సాయంత్రం పూసగుచ్చినట్టు చెప్తుంది. దీనికి సెలెక్టివ్ మ్యూటిజం అని పేరు. ఆందోళన వల్ల కొన్ని చోట్ల, కొందరి ముందు గొంతు పెగలకపోవడం. పంతం ఎంతమాత్రం కాదు. బడిలో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోకుండా, ఆపైన కనీసం నెల రోజులైనా అలాగే ఉంటేనే ఆ పేరు పెడతారు.

దీన్ని ఆటిజంతో కలిపేయకుండా ఉండాలంటే ఇంటి వీడియో చూడాలి, పసితనం గురించి అడగాలి. ఈ పాప ఏడాదికే చందమామను చూపించిందా? ఇంట్లో తమ్ముడితో టీచరాట ఆడుతుందా? చుట్టాల పిల్లలతో కలిసి ఆటలో నియమాలు తనే పెడుతుందా? అవన్నీ ఉంటే మనుషులతో కలిసే సామర్థ్యం నిండుగా ఉంది, చోటు మారగానే భయం దాన్ని బిగపట్టేస్తోంది. ఇంట్లోనూ, తనవాళ్లతోనూ సంభాషణ ఒకవైపే నడుస్తుంటే, నచ్చిన ఒక్క విషయమే చెప్పుకుపోతుంటే, అప్పుడు వేరే ఆలోచించాలి.

బడిలో మాట రప్పించే పద్ధతి నిదానంగా సాగుతుంది. బడి అయిపోయాక ఖాళీ తరగతి గదిలో తల్లీబిడ్డా ఇద్దరే ఆడుకుంటారు. అక్కడ పాప గొంతు మామూలుగా వచ్చాక, టీచరు తలుపు దగ్గర ఏదో పని చేసుకుంటూ ఉంటుంది, పాపవైపు చూడదు. కొన్నాళ్లకు గదిలోకి వస్తుంది, ఆ తర్వాత ఆటలో చేరుతుంది, తల్లి మెల్లగా దూరం జరుగుతుంది. తర్వాత ఒక స్నేహితురాలు, ఇద్దరు. గొంతు ఏ మెట్టు దగ్గర ఆగితే అక్కడే మరికొన్నాళ్లు ఉంటారు. "ఒక్కసారి మాట్లాడితే చాక్లెట్ ఇస్తా" అని అందరి ముందు నిలబెట్టడం, మాట్లాడగానే తరగతి అంతా చప్పట్లు కొట్టడం, రెండూ భయాన్ని పెంచేవే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇంకో మాట. ఇంట్లో తెలుగే విని బడికెళ్లిన పిల్లలు కొన్ని నెలలు మౌనంగా ఉండి కొత్త భాషను వింటారు, అది జబ్బు కాదు. అక్కడి తెలుగువాళ్లు పలకరించినప్పుడు తెలుగులో మాట్లాడుతుందా అన్నది చూస్తే చాలా వరకు తెలిసిపోతుంది.

ఈ మూడూ విడివిడి గదుల్లో ఉండవని కూడా చెప్పాలి. ఆటిజంతో పాటు భాష ఇబ్బంది ఉండొచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో, ఎదిగేవాళ్లలో సుమారు 40 శాతం మందికి ఏదో ఒక ఆందోళన సమస్య తోడవుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. ఆడపిల్లల విషయంలో మరింత పొరపాటు జరుగుతుంది. మాటలు సమయానికే వచ్చి, తోటిపిల్లల్ని చూసి వాళ్లలాగే నవ్వడం, నిలబడడం నేర్చుకున్న అమ్మాయిని "సిగ్గరి, బుద్ధిమంతురాలు" అనేస్తారు. రోజంతా బడిలో అలా నెట్టుకొచ్చి సాయంత్రం ఇంటికి రాగానే గంటసేపు ఏడుస్తుంటే, ఆ ఏడుపుకు కారణం వెతకాలి.

వస, నాలుక తీగ మాట మధ్యలో వదిలేశాను. నాలుక తీగ గట్టిగా ఉంటే కొన్ని ధ్వనులు సరిగ్గా పలకకపోవచ్చు గానీ, బిడ్డ మాట్లాడకపోవడానికీ, వేలు చూపకపోవడానికీ అది కారణం కాదు. కత్తిరించాక మాట వస్తుందని ఎదురుచూస్తూ పోయే నెలలే నష్టం. వసలో శరీరానికి మంచిది కాని పదార్థం ఉంది, పసిపిల్లలకు నాకించకపోవడమే మేలు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న మాట 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతో పాకింది. ఆ వ్యాసాన్ని 2010లో పత్రికే వెనక్కి తీసుకుంది. ఫోను ఎక్కువ చూడడం మాటల్ని వెనక్కి నెడుతుంది, దాన్ని తగ్గించాల్సిందే. కానీ ఈమధ్య వినపడుతున్న "వర్చువల్ ఆటిజం" అన్నది వైద్యులు అంగీకరించిన రోగం పేరు కాదు. ఫోను ఆపేసి ఆరు నెలలు చూద్దామని పరీక్ష వాయిదా వేయడం తప్పు. ఫోను ఆపడం, పరీక్ష చేయించడం ఒకే వారంలో జరగాలి. అలాగే, "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలతో తికమక పడుతున్నాడు" అని బడులు ఇచ్చే సలహా నన్ను చాలా బాధపెడుతుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజమూ రాదు, భాష లోపమూ రాదు. అమ్మ తనకు రాని భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే బిడ్డకు ఉన్న ఒక్క నిండు భాషా పోతుంది. ఇక నానమ్మతో ఏ భాషలో మాట్లాడాలి?

ఎక్కడికి వెళ్లాలి? ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే పథకం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని చూస్తాయి. వాళ్లు పంపే పిల్లల కోసం జిల్లా ఆసుపత్రుల దగ్గర డైక్ అనే సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ అనే జాతీయ సంస్థ ఉంది. వికలాంగ ధ్రువపత్రం కోసం మన దేశంలో వాడే ఐసా అనే 40 అంశాల కొలమానం ఆ సంస్థ తయారుచేసిందే. అందులో 70 మార్కుల లోపు వస్తే ఆటిజం కాదంటారు, ఆపైన తీవ్రతను బట్టి మూడు స్థాయిలు. ఆటిజానికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. అనుభవమున్న పిల్లల మానసిక నిపుణులో, ఎదుగుదల నిపుణులో బిడ్డతో ఆడి, తల్లిదండ్రులతో గంటకు పైగా మాట్లాడి తేలుస్తారు. ఐదు నిమిషాల్లో చీటీ మీద రాసిచ్చిన "ఆటిజం" అన్న మాటనూ, "ఏం లేదు, వెళ్లండి" అన్న మాటనూ రెంటినీ నమ్మొద్దు.

పూర్తి పరీక్షకు తేదీ దొరకడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలలు ఖాళీగా పోనక్కర్లేదు, ఎందుకంటే ఆటిజమైనా భాష ఆలస్యమైనా ఇంట్లో మొదలుపెట్టే పని దాదాపు ఒకటే. మన బాబు తల్లికి స్పీచ్ థెరపిస్టు నేర్పింది చూడండి. రోజుకు అరగంట, ఫోనూ టీవీ లేకుండా, అతని ఎదురుగా నేల మీద కూర్చోమంది. అతను చక్రం తిప్పుతుంటే లాక్కోకుండా తనూ ఇంకో చక్రం తిప్పమంది. "ఇదేంటి? ఏం రంగు?" అని ప్రశ్నలు వేయొద్దంది. అతను చేస్తున్నదానికి ఒకటి రెండు మాటలే పెట్టమంది: "తిరుగు... తిరుగు... ఆగింది!" ఆ "ఆగింది"కి ముందు నోరు మూసుకుని, పది లెక్కపెట్టేదాకా అతని ముఖం చూస్తూ ఆగమంది. అన్నిటికన్నా కష్టమైంది ఆ ఆగడమే. మనం మౌనాన్ని భరించలేం, బిడ్డ తరఫున మనమే మాట్లాడేస్తాం. ఇలాంటి పద్ధతినే తల్లిదండ్రులకు నేర్పి గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ పరీక్షించారు, ఫలితాలు 2016లో వచ్చాయి. ఇళ్లకు వెళ్లి నేర్పినవాళ్లు పెద్ద నిపుణులు కారు, కొంత శిక్షణ పొందిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలు. ఆ తల్లిదండ్రులు బిడ్డ ధ్యాసను అనుసరించి స్పందించడం స్పష్టంగా పెరిగింది, పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడమూ పెరిగింది. ఆటిజం పోలేదు, పోగొడతామని వాళ్లు చెప్పనూలేదు. మందుతోనో, మూలకణాల ఇంజక్షన్‌తోనో పూర్తిగా నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లేముందు తల్లిదండ్రులు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

మన బాబుకు చివరికి ఆటిజం అనే తేలింది. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ, ఒకసారి ఆక్యుపేషనల్ థెరపీ, రోజూ ఇంట్లో ఆ అరగంట. మిక్సీ వేసేముందు అమ్మ అతనికి మిక్సీ చూపించి చెప్పి మరీ వేస్తోంది. నాలుగో నెలలో అతను ఆగిన చక్రాన్ని అమ్మ చేతిలో పెట్టి ముఖంలోకి చూశాడు. థెరపిస్టు తన పుస్తకంలో దాన్ని మొదటి అడగడంగా రాసుకుంది. తర్వాతి నెలలకు పెట్టుకున్న లక్ష్యం మాట కాదు, వేలు: ముందు రెండు వస్తువులు ఎదురుగా పట్టుకుని కావలసినదాన్ని చూపించడం, అది కుదిరాక గదిలో దూరంగా ఉన్నదాన్ని చూపించడం.